పాప బారసాల కార్డు అచ్చుకిచ్చే ముందు

అమ్మాయీ,

నువ్వు ఫోన్లో పంపిన కార్డు నమూనా రెండుసార్లు చదివాను. పేరు చాలా బాగుంది, ఇద్దరూ కలిసి ఎంచుకున్నారని మీ అమ్మ చెప్పింది, సంతోషం. కానీ ఆ కార్డు ఇలాగే అచ్చుకి ఇవ్వొద్దు. రంగులూ బొమ్మలూ నీ ఇష్టం, వాటి జోలికి నేను రాను, మాటల్లో మాత్రం కొన్ని సరిచెయ్యాలి. ఒక్కొక్కటీ ఎందుకో కూడా చెప్తాను, రేపు మీ చెల్లి ఇంట్లో అవసరమైతే నువ్వే రాసిపెట్టగలగాలి.

మొదట తేల్చుకోవాల్సింది ఈ కార్డు ఎవరు పిలుస్తున్నట్టుగా ఉండాలి అన్నది. నువ్వు పంపినదాంట్లో పైన "మా మనుమరాలు" అని ఉంది, మధ్యలో "మా గారాలపట్టి" అయింది, కింద ఆహ్వానించువారు అన్నచోట మీ ఇద్దరి పేర్లే ఉన్నాయి. చదివేవాళ్లకి పిలుస్తున్నది తాతలా తల్లిదండ్రులా అర్థం కాదు. రెండు మూడు కార్డుల్లోంచి నచ్చిన వాక్యాలు తీసి అతికిస్తే ఇలాగే అవుతుంది. మీరే పిలుస్తుంటే మొదటి నుంచీ చివరిదాకా "మా కుమార్తె" అనే ఉండాలి, మీ పేర్ల ముందు మీరే చి. అనీ సౌ. అనీ రాసుకోకూడదు, అవి పెద్దవాళ్లు మిమ్మల్ని గురించి రాసేటప్పుడు పెట్టే మాటలు.

నన్నడిగితే పెద్దవాళ్ల పేరు మీదే పిలవండి. తొలి కాన్పు కాబట్టి వేడుక మన ఇంట్లో జరుగుతోంది, ఖర్చు మీ నాన్నది, కానీ పాప ఇంటిపేరూ గోత్రమూ మీ అత్తగారింటివి. ఇలాంటప్పుడు ఎవరి పేరు ముందు వెయ్యాలని రెండువైపులా టెన్షన్ పడతారు. దీనికి సులువైన దారి ఉంది. "మా కుమారుడు" అని రాస్తే మీ మావగారు మాత్రమే పిలవగలరు, "మా కుమార్తె" అని రాస్తే మీ నాన్న మాత్రమే పిలవగలరు, "మా మనుమరాలు" అంటే నలుగురూ కలిసి పిలవొచ్చు. మీ ఇద్దరి పేర్లు మధ్యలో, ఫలానా దంపతుల ప్రథమ పుత్రిక అని వస్తాయి. కింద ఎడమవైపు నానమ్మా తాతయ్యా, కుడివైపు అమ్మమ్మా తాతయ్యా. ఇలా వేస్తే ఎవరూ తక్కువ కారు, వాక్యమూ ఎక్కడా తెగదు.

ఇక పంచాంగం వాక్యం. నీ నమూనాలో "శ్రీ క్రోధి నామ సంవత్సర" అని ఉంది చూశావా? అది నిరుడు ఎవరిదో కార్డులోంచి వచ్చిపడింది. ఈ 2025లో మార్చి 30న ఉగాది వెళ్లింది, అప్పట్నుంచి నడుస్తున్నది విశ్వావసు. మన సంవత్సరం పేరు జనవరిలో మారదు, ఉగాదితోనే మారుతుంది, అందుకే జనవరి నుంచి మార్చి దాకా వేసే కార్డుల్లోనూ, ఉగాది అయిన కొత్తలో వేసే కార్డుల్లోనూ ఈ తప్పు ఎక్కువ కనిపిస్తుంది. మిగతాది పురోహితుడు గారు రాసిచ్చిన చీటీలో ఉన్నదున్నట్టు దింపుకో. సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం, ఇంగ్లీషు తేదీ, సమయం, నక్షత్రం, లగ్నం, ఈ వరసలో రాస్తే చాలు. అయనం, ఋతువు రాయాలనుంటే సంవత్సరం తర్వాత ఉత్తరాయణం, వసంత ఋతువు అని చేర్చుకో, చిన్న కార్డు కాబట్టి నేనైతే వదిలేస్తాను. శుద్ధ అంటే అమావాస్య తర్వాతి పక్షం, బహుళ అంటే పున్నమి తర్వాతిది, ఈ రెండూ తారుమారైతే వేడుక పదిహేను రోజులు అటో ఇటో జరిగిపోతుంది, కాబట్టి ఆ ఒక్క మాట మళ్లీ చూసుకో.

అసలు గందరగోళం నక్షత్రాల దగ్గర ఉంది. ఈ కార్డులో రెండు నక్షత్రాలు వస్తాయి. రోహిణి ముహూర్తానిది, వేడుక జరిగే ఏప్రిల్ 30వ తేదీ పొద్దున ఉండే నక్షత్రం. ఉత్తర పాపది, పుట్టినప్పటి నక్షత్రం. నువ్వు "రోహిణీ నక్షత్ర జాతకురాలైన చి.ల.సౌ. సహస్ర" అని రాసేశావు, రెండూ కలిసిపోయాయి. ముహూర్త నక్షత్రం తేదీ పక్కనే ఉండాలి. పాప నక్షత్రం వెయ్యాలనుకుంటే పాప పేరు కిందే ఉండాలి. నిజానికి అది వెయ్యకపోయినా లోటేం లేదు, పుట్టిన సమయం మాత్రం అసలు వెయ్యొద్దు, ఆ కార్డు ఫోన్లలో ఎవరెవరి చేతుల్లోకో వెళ్తుంది.

పాప నక్షత్రం పుబ్బ కదా, ఉత్తర ఎలా అయిందని మీ ఆయన అడిగాడట. పాప ఏప్రిల్ 11 తెల్లవారుజామున నాలుగింటికి పుట్టింది. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి అది ఇంకా 10వ తేదీ గురువారం కిందికే వస్తుంది. 10 నుంచి లెక్కపెడితేనే 30వ తేదీ ఇరవై ఒకటో రోజు అవుతుంది. అలాగని 10వ తేదీ కాలెండర్ గడిలో ఉన్న పుబ్బ పాపది కాదు, అది ఆ మధ్యాహ్నమే అయిపోయింది. రోజుని సూర్యోదయం బట్టి లెక్కపెడతాం, నక్షత్రాన్ని మాత్రం పుట్టిన ఘడియని బట్టి చూస్తాం. ఆ వేళకి నడుస్తున్నది ఉత్తర మూడో పాదం, కన్యా రాశి. ఉత్తరకి నాలుగు పాదాలకీ వరసగా టే, టో, పా, పీ అక్షరాలు, అందుకే పురోహితుడు గారు పా అక్షరం ఇచ్చారు, మీరు పావని అనుకున్నారు.

మీరు పిలవబోయేది సహస్ర, నక్షత్రం పేరు పావని. రెండూ ఒకే వరసలో పక్కపక్కన వేస్తే చూసినవాళ్లు "సహస్ర పావని" అని ఒకే పేరు అనుకుంటారు, ఆశీర్వాదం కవర్ల మీద కూడా అలాగే రాసుకొస్తారు. పిలిచే పేరు పెద్ద అక్షరాల్లో ఒక్కటే ఒక వరసలో ఉండాలి, జన్మనామం దాని కింద చిన్నగా, "జన్మనామం" అని చెప్పి మరీ ఉండాలి. జన్మనామం బయటపెట్టడం కొన్ని ఇళ్లలో ఇష్టపడరు, మీ అత్తగారిని ఒకసారి అడుగు, వద్దంటే ఆ వరస తీసేయ్. పేరు ముందు చి.ల.సౌ. తీసెయ్యి. లక్ష్మీ సౌభాగ్యవతి అన్నది పెళ్లికూతురికి రాసేది, ఊయల్లో పాపకి చి. ఒక్కటే చాలు.

పేరు ముందే కార్డులో వేసేస్తే ఎలా, తండ్రి బియ్యంలో రాసి చెవిలో చెప్పాక కదా అందరికీ తెలియాలి అని మీ నానమ్మ గొణుగుతోందని విన్నాను. ఆవిడ మాటలో న్యాయం ఉంది. నీ నమూనాలో "సహస్ర అని పేరు పెట్టుకున్నాము" అని రాశావు, పని అయిపోయినట్టు. "నామకరణం చేయ నిశ్చయించాము" అని రాస్తే పేరు ఎంచుకున్నట్టు చెప్పినట్టవుతుంది, పెట్టడం మాత్రం ఆ ముహూర్తానికే ఉంటుంది. అలా మార్చి ఆవిడకి చదివి వినిపించు, ఒప్పుకుంటుంది.

ఇవన్నీ కలిపి నేను రాసింది ఇది:

శ్రీరస్తు – శుభమస్తు – అవిఘ్నమస్తు

బంధుమిత్రులకు నమస్కారం.

స్వస్తిశ్రీ చాంద్రమాన శ్రీ విశ్వావసు నామ సంవత్సర వైశాఖ శుద్ధ తదియ బుధవారం, అనగా 30-04-2025న ఉదయం 10.48 గంటలకు, రోహిణీ నక్షత్రయుక్త మిథున లగ్నమందు, చి. (తండ్రి పేరు), సౌ. (తల్లి పేరు) దంపతుల ప్రథమ పుత్రిక అయిన మా మనుమరాలికి

చి. సహస్ర
(జన్మనామం: పావని)

అని నామకరణం చేయ నిశ్చయించాము. కావున తామెల్లరూ సకుటుంబంగా విచ్చేసి, చిన్నారిని ఆశీర్వదించి, మా విందు స్వీకరించ ప్రార్థన.

ఊయల వేడుక: ఉదయం 11.15 నుంచి
భోజనాలు: మధ్యాహ్నం 12.30 నుంచి
వేదిక: (ఇంటి చిరునామా)

ఆహ్వానించువారు:
(నానమ్మ, తాతయ్య పేర్లు) – (అమ్మమ్మ, తాతయ్య పేర్లు)

పొద్దున పుణ్యాహవాచనం ఉంటుంది కానీ అది ఇంటివాళ్లకి సంబంధించింది, కార్డులో అక్కర్లేదు. ఊయల వేళ మాత్రం వేరుగా వెయ్యాల్సిందే. 10.48 ఒక్కటే వేస్తే సగంమంది అది దాటిపోయిందని నేరుగా భోజనాలకే వస్తారు, పాటలు పాడే ఆడవాళ్లు లేక ఊయల బోసిపోతుంది. గోత్రం వెయ్యాలంటే పాపది తండ్రి గోత్రమే కాబట్టి నానమ్మా తాతయ్యల పేర్ల వైపే వెయ్యండి.

ఇంగ్లీషు కార్డు కూడా వేస్తున్నారట. దాంట్లో సహస్ర స్పెల్లింగ్, జనన ధ్రువపత్రం కోసం మీరు ఇవ్వబోయే స్పెల్లింగ్ ఒక్కటే కావాలి. ధ్రువపత్రంలో పేరు ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు, కాబట్టి కంగారు లేదు. కానీ ఎక్కడ ఎన్ని అక్షరాలో ఇప్పుడే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి, అందరూ కార్డు చూసే రాయడం మొదలుపెడతారు.

అచ్చువాళ్లు ప్రూఫ్ పంపగానే ఫోన్లో పైపైన చూసి ఓకే అనెయ్యకు. వాళ్ల పాత ఫాంటుల్లో వత్తులు ఎగిరిపోతుంటాయి. సహస్రలో క్రారవడి, విశ్వావసులో వవత్తు, నక్షత్రంలో రెండు వత్తులూ పెద్దది చేసి చూడు. పంచాంగం వాక్యం వరకు ఫొటో తీసి పురోహితుడు గారికి పంపి, ఆయన సరే అన్నాకే అచ్చుకివ్వు. ప్రూఫ్ రాగానే నాకూ ఒకటి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ