క్వీన్ ఉన్నా డ్రా ఎందుకు: ఏడో వరసలోని బంటు కథ

ప్రశ్న: "నా దగ్గర క్వీన్ ఉంది, అవతలి వాళ్ళకి మిగిలింది ఒక్క బంటు. అది ఏడో వరసకి వచ్చేసింది. ఒకసారి ఇలాంటి స్థితిలో సులువుగా గెలిచాను, ఇంకోసారి ఎంత కొట్టుకున్నా డ్రానే అయింది. తేడా ఎక్కడుంది?"

తేడా బంటు ఏ నిలువు వరసలో ఉందన్న దానిలో ఉంది. బంటు a, c, f, h వరసల్లో ఉండి, మీ రాజు దూరంగా ఉంటే సాధారణంగా డ్రా. b, d, e, g అయితే మీ రాజు బోర్డుకి అవతలి మూల ఉన్నా మామూలుగా గెలుపే. ఈ నియమాన్ని నేనూ ముందు బట్టీ పట్టాను. ఒక ఆట చేతులారా పోగొట్టుకున్నాక గానీ దాని వెనుక కారణం ఏమిటో కూర్చుని చూడలేదు.

ఆ ఆటలో నాది తెలుపు. నా h బంటు h7కి చేరింది. అవతలి ఆయనకి b, c వరసల్లో జంట బంట్లు, పక్కనే ఆయన రాజు. నా రూక్‌ని ఆ రెండిట్లో ఒకదానికి ఇవ్వక తప్పని పరిస్థితి. ఏది తీసినా రాజు రూక్‌ని చంపుతుంది, నాకు క్వీన్ వస్తుంది, ఆయనకి ఒక్క బంటు మిగులుతుంది. రెండూ ఒకటే కదా అనుకుని b బంటుని తీసేశాను. చెక్‌తో తీయొచ్చు కాబట్టి అదే మంచిదనిపించింది. పట్టుమని పది సెకన్లు కూడా ఆలోచించలేదు. అసలు ఆట ఆ ఎత్తులోనే పోయింది, నాకు తెలిసింది మాత్రం చాలాసేపటి తర్వాత.

ముందు గెలిచే పద్ధతి చూద్దాం. అది తెలిస్తేనే ఎక్కడ విరుగుతుందో అర్థమవుతుంది. తెలుపు రాజు h8, క్వీన్ a8. నలుపు రాజు e2, బంటు d2. (బంటు ఏడో వరసలో ఉందంటే నలుపు వైపు నుంచి లెక్క. గడి పేరు ప్రకారం అది రెండో వరస.)

```
1.Qe4+ Kf2
2.Qd3  Ke1
3.Qe3+ Kd1
4.Kg7
```

రెండో ఎత్తులో క్వీన్ d1ని కాపలా కాస్తూనే బంటు మీద దాడి చేస్తోంది. బంటుని కాపాడాలంటే రాజు e1కి రావాలి. మూడో ఎత్తులో చెక్ పడగానే ఆ రాజుకి d1 తప్ప దారి లేదు, వేరే చోటికి వెళ్తే బంటు పోతుంది. ఇప్పుడు నలుపు రాజు తన బంటుకే అడ్డంగా కూర్చున్నాడు. బంటు కదలలేదు కాబట్టి ఈ ఒక్క ఎత్తులో మనకి ఏ ప్రమాదమూ లేదు. ఆ ఎత్తుని మన రాజుకి ఖర్చు పెట్టి ఒక అడుగు దగ్గరికి తెస్తాం. తర్వాత నలుపు రాజు c2 మీదుగా బయటికి వస్తాడు. మళ్ళీ చెక్‌లు, మళ్ళీ d1 గడిలోకి తోయడం, మన రాజుకి ఇంకో అడుగు. మన రాజు బంటు దగ్గరికి చేరేదాకా ఇదే చుట్టు. ఓపిక ఉంటే చాలు.

ఈ పద్ధతి మొత్తం ఒక్క విషయం మీద నిలబడి ఉంది. ఆ రాజు బంటుకి అడ్డంగా కూర్చుని తీరాలి. కూర్చున్నాక మనం ఒక ఎత్తు వదిలేసినా అతనికి కదలడానికి గడి మిగలాలి. a, h వరసల్లోని రూక్ బంటు, c, f వరసల్లోని బిషప్ బంటు ఈ రెండు షరతుల్ని చెరో రకంగా దెబ్బ తీస్తాయి.

రూక్ బంటు సంగతి సూటిగా ఉంటుంది. నలుపు బంటు a2, రాజు b1. మనం Qb3+ అంటాం, రాజు a1కి వెళ్తాడు. బంటు ముందు కూర్చున్నాడు, మనకి కావలసింది ఇదే. కానీ ఇప్పుడు మన రాజుని కదిపితే ఏమవుతుంది? b1, b2 రెండూ మన క్వీన్ చేతిలో ఉన్నాయి, a2లో సొంత బంటే అడ్డం. నలుపుకి ఎత్తే లేదు, అంటే స్టేల్‌మేట్. దాన్ని తప్పించాలంటే క్వీన్‌ని పక్కకి తీయాలి. తీయగానే రాజు మళ్ళీ బయటికి వచ్చి బంటుకి దారి ఇస్తాడు. ఖాళీ ఎత్తు దొరికినట్టే ఉంటుంది, వాడుకోబోతే ఉండదు.

బిషప్ బంటు ఇంతకంటే తెలివైనది. నన్ను ముంచింది ఇదే.

నా ఆటలో b బంటు పోయాక ఆయన c బంటు c2కి వచ్చింది. నా రాజు అక్కడెక్కడో g6లో ఉన్నాడు. చెక్ మీద చెక్ ఇస్తూ క్వీన్‌ని దగ్గరికి తెచ్చాను. నలుపు రాజు b1లో ఉండగా Qb3+ వేశాను. పద్ధతి ప్రకారం ఆయన c1కి వెళ్ళి బంటుకి అడ్డం పడాలి. ఆయన వెళ్ళలేదు, నింపాదిగా a1 మూలకి జరిగాడు. బంటుకి కాపలా తీసేశాడేంటి, పొరపాటు చేశాడా అని నాకు లోలోపల సంబరం. చేయి c2 దాకా వెళ్ళిపోయింది. Qxc2 వేస్తే a2, b1, b2 మూడూ క్వీన్ దెబ్బలోనే ఉంటాయి. నలుపుకి ఇంకో పావు లేదు, రాజుకి చెక్ లేదు. అదీ స్టేల్‌మేటే. ఆఖరి క్షణంలో చేయి వెనక్కి తీసుకున్నాను గానీ దాని వల్ల ఒరిగిందేమీ లేదు. తినకపోతే తర్వాతి ఎత్తులో c1 క్వీన్ అవుతుంది. Qc3+ అంటే రాజు b1కి, మళ్ళీ Qb3+ అంటే a1కి. అదే స్థితి మూడోసారి వచ్చాక ఆయన డ్రా అడిగాడు, ఇచ్చేశాను.

రూక్ బంటు దగ్గర రాజు అడ్డంగా కూర్చుంటాడు, కానీ మనం ఎత్తు వదలలేం. బిషప్ బంటు దగ్గర అసలు కూర్చోడు. బంటుని ఎరగా వదిలేసి మూలకి వెళ్ళిపోతాడు. d బంటుకి ఈ ఎర ఎందుకు పనిచేయదంటే, మూల దూరం. రాజు అక్కడికి చేరేలోగా బంటు పోతుంది, పోయినా స్టేల్‌మేట్ కాదు. నేను c బంటుని తీసి b బంటుని వదిలి ఉంటే మొదటి పద్ధతే పనికొచ్చేది.

ఇక, ఇవి డ్రా అన్నది మన రాజు దూరంగా ఉన్నప్పటి మాట. దగ్గర్లో ఉంటే రెండూ గెలవొచ్చు. "రూక్ బంటు కాబట్టి డ్రా" అని చూడకుండానే చేయి కలిపేసే వాళ్ళు ఇక్కడే నష్టపోతారు.

రూక్ బంటు కేసు: తెలుపు రాజు c4, క్వీన్ d2కి రాగలిగే చోట. నలుపు రాజు b2, బంటు a2.

```
1.Qd2+ Kb1
2.Kb3! a1=Q
3.Qc2#
```

బంటుని క్వీన్ కానిచ్చేశాం, అయినా మేట్. ఇదే ఇక్కడి కిటుకు: బంటుని ఆపడం కాదు, అది క్వీన్ అయిన మరుక్షణం మేట్ చేయగలిగేంత దగ్గర్లో మన రాజు ఉన్నాడా అన్నది చూడాలి. రెండో ఎత్తులో రాజుని c3లో పెడితే మాత్రం a1లో వచ్చే క్వీన్ మనకే చెక్ ఇస్తుంది, అప్పుడు కథ మారిపోతుంది. మొదటి ఎత్తుకి జవాబుగా నలుపు a1కి వెళ్తే Qc1 వెంటనే మేట్.

బిషప్ బంటు కేసు: నా ఆటలోని స్థితే, నలుపు రాజు a1, బంటు c2, మన క్వీన్ b3. కానీ నా రాజు g6లో కాకుండా e3లో ఉన్నాడనుకోండి. అప్పుడు Qc3+ Kb1 తర్వాత Kd2. బంటు క్వీన్ అయి చెక్ ఇచ్చినా Qxc1+ అని తినేస్తాం, d2లోని రాజు అండ ఉంది కాబట్టి తిరిగి తినలేడు. బంటుని కదపకుండా Ka2 అంటే Qxc2+ చెక్‌తో పడుతుంది, ఎర ఇక పనిచేయదు. మన రాజు d2కి ఒక్క అడుగు దూరంలో ఉంటే చాలు.

బిషప్ బంటు దగ్గర ఇంకోటి కూడా చూసుకోండి. నలుపు రాజు మూల వైపు కాకుండా బోర్డు మధ్య వైపు, అంటే d2లో ఉంటే, Qd4+ Ke2, Qc3 Kd1, Qd3+ Kc1 అని ఒక్కసారి బంటు ముందుకి రప్పించవచ్చు. ఒక ఖాళీ ఎత్తు దొరుకుతుంది. ఆ తర్వాత అతను b2 మీదుగా మూల వైపు దాటేస్తాడు, మళ్ళీ దొరకదు. అందుకే ఆ పరిస్థితిలో మన రాజు కొంచెం ఎక్కువ దూరంలో ఉన్నా గెలుపు ఉంటుంది, మరీ దూరమైతే లేదు.

ఎవరూ పెద్దగా చెప్పని విషయం ఇంకొకటుంది, అది నాకు నలుపుతో ఆడుతూ తగిలింది. నాకు a2లో బంటు, అవతల ఆడుతున్నామెకి క్వీన్, ఆమె రాజు చాలా దూరం. రూక్ బంటు డ్రా అని ధీమాగా ఉన్నాను, టెన్షన్ కూడా లేదు. పైగా నాకు h5లో ఇంకో బంటు ఉంది, అది బోనస్ అనుకున్నాను. ఆమె Qb3+ అంది, నేను Ka1. స్టేల్‌మేట్ భయంతో క్వీన్‌ని వెనక్కి తీస్తుందనుకుంటే, ఆమె Qc2 వేసింది. h బంటు లేకపోతే అది స్టేల్‌మేటే. నాకు h బంటు ఉంది కాబట్టి దాన్ని h4కి తోయక తప్పలేదు. Qc1, మేట్. ఆ బంటుని అంతకుముందే ఎక్కడో ఆమె రాజుకి తినిపించేసి ఉంటే డ్రా దక్కేది.