రిగ్రెషన్ జవాబులో వాలు, అంతరఖండం, కారణం: ఎలా సరిచూసుకోవాలి?

ప్రశ్న: చెన్నైలో ఎంబీఏ చదువుతున్నాను. సహసంబంధం, రిగ్రెషన్ లెక్కలు సరిగానే వస్తున్నాయి కానీ వాటి అర్థం రాసేచోట మార్కులు పోతున్నాయి. జవాబు ఇచ్చేముందు నేనే ఎలా సరిచూసుకోవాలి?

జవాబు: నేను చెన్నైలోనే తెలుగు విద్యార్థులకు గణాంకశాస్త్రం చెబుతుంటాను. అభ్యాసానికి ఇచ్చే ఒక లెక్కలో ఫ్లాట్ల వైశాల్యం x చదరపు అడుగుల్లో, నెల అద్దె y రూపాయల్లో ఉంటాయి. x విలువలు 500 నుంచి 1,500 వరకు ఉంటాయి, r = 0.8, సమీకరణం ఇది:

```
ŷ = 3000 + 18x
```

ముందు అంతరఖండాన్ని చూడండి. "ఇల్లు ఎంత చిన్నదైనా కనీస అద్దె 3,000" అని చాలామంది రాస్తారు. దత్తాంశంలో సున్నా వైశాల్యం గల ఫ్లాటే కాదు, దాని దరిదాపుల్లోనిది కూడా లేదు కాబట్టి, ఆ 3,000 గీతను నిలబెట్టే అంకె మాత్రమే. x బదులు (x − 1000) తీసుకుంటే అదే గీత 21000 + 18(x − 1000) అవుతుంది. ఈ 21,000 మాత్రం వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటుకు అంచనా వేసిన సగటు అద్దె, దానికి అర్థముంది.

వాలు పెద్దదైతే సంబంధం బలమైనదనుకోవడం మరో పొరపాటు. వైశాల్యాన్ని చదరపు మీటర్లలోకి మారిస్తే 18 కాస్తా దాదాపు 194 అవుతుంది, r మాత్రం 0.8 గానే ఉంటుంది.

ఎక్కువ జాగ్రత్త అవసరమైనది కారణం దగ్గర. "యజమాని వంద చదరపు అడుగులు పెంచితే అద్దె 1,800 పెరుగుతుంది" అనే వాక్యం ఒకే ఫ్లాటును మార్చడం గురించి చెబుతోంది, కానీ మన దత్తాంశంలో ఏ ఫ్లాటూ మారలేదు. వేర్వేరు ఫ్లాట్లను పక్కపక్కన పెట్టి చూశాం, అంతే. పెద్ద ఫ్లాట్లు తరచుగా లిఫ్టు, కారు పార్కింగు ఉన్న కొత్త భవనాల్లో ఉంటే, ఆ వసతుల విలువ కూడా 18లో కలిసిపోతుంది. అందుకే విద్యార్థుల చేత లిఫ్టు ఉన్నవాటికి, లేనివాటికి వేర్వేరుగా గీతలు గీయిస్తాను. ఈ అభ్యాసపు అంకెల్లో వాలు మొదటి గుంపులో 11కి, రెండోదానిలో 10కి దిగుతుంది. అంటే 18లో కొంత భాగం వైశాల్యానిది కాదు. మిగిలిన 11 కూడా పూర్తిగా వైశాల్యం వల్లనే అనలేం, ఎందుకంటే చెన్నైలో వేర్వేరు ప్రాంతాలైన వేళచ్చేరి, తాంబరంలలోని ఫ్లాట్లను ఇంకా ఒకే గుంపులో ఉంచాం.

r² = 0.64 విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించండి: అద్దెల్లోని వైవిధ్యంలో 64 శాతాన్ని ఈ గీత వివరిస్తోందనవచ్చు గానీ, అద్దెలో 64 శాతం వైశాల్యం వల్ల వచ్చిందనకూడదు.

కాబట్టి వాలు గురించి నేను పూర్తి మార్కులిచ్చే వాక్యం ఇలా ఉంటుంది: "500–1,500 చదరపు అడుగుల మధ్య ఉన్న ఈ ఫ్లాట్లలో, వైశాల్యంలో వంద చదరపు అడుగుల తేడా ఉన్నవాటిని పోల్చినప్పుడు, పెద్దవాటి అంచనా అద్దె సగటున 1,800 రూపాయలు ఎక్కువ."