తందూరీ చికెన్‌కి కిలో లెక్క: పెరుగు, కారం, ఉప్పు

"ఓవెన్‌లో తందూరీ లెగ్ పీసులు చేస్తున్నాను. పైన ఉప్పగా, లోపల చప్పగా వస్తోంది. పెరుగంతా నీళ్ళలా ట్రేలోకి కారిపోతోంది. కిలో చికెన్‌కి పెరుగు, కారం, ఉప్పు సరిగ్గా ఎంత వేయాలి?"

ఎముకతో ఉన్న కిలో ముక్కలకి నేను వేసేది ఇది: వడకట్టిన గట్టి పెరుగు 180 గ్రాములు, మెత్తని ఉప్పు 16 గ్రాములు, కాశ్మీరీ కారం 15 గ్రాములు, అల్లం వెల్లుల్లి పేస్ట్ 30 గ్రాములు, ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం, రెండు టేబుల్ స్పూన్ల నూనె. మీకు వస్తున్న రెండు ఇబ్బందులకీ జవాబు ఈ అంకెల్లో సగమే ఉంది. ఏది ఎప్పుడు వేస్తున్నారన్నది మిగతా సగం.

ముందు ఆ కిలో ఏ కిలోనో చూసుకోండి. మా తిరుపతిలో ఆదివారం కోడి అంగడికి వెళితే లైవ్ రేటు వేరు, స్కిన్‌లెస్ రేటు వేరు. లైవ్‌లో కిలో తూచిన కోడి చర్మం తీసి, శుభ్రం చేశాక 650 నుంచి 700 గ్రాములే మిగులుతుంది. దానికి కిలో లెక్కన ఉప్పు పడితే ఎవరు చేసినా ఉప్పగానే ఉంటుంది. అందుకే ఇంటికి తెచ్చి, కడిగి, నీళ్ళు బాగా ఓడ్చాక ఒకసారి తూచండి. పిండివంటలకి వాడే చిన్న కాటా ఉన్నా సరిపోతుంది.

ఉప్పు లెక్క చికెన్ ఒక్కదానికే కట్టకూడదు, గిన్నెలో పడేవన్నీ కలిపి కట్టాలి. కిలో చికెన్, 180 గ్రాముల పెరుగు, పేస్టు, నూనె, కారం కలిపితే దాదాపు 1260 గ్రాములు అవుతుంది. అందులో నూటికి 1.3 వంతున అంటే 16 గ్రాములు. మెత్తని ఉప్పు ఒక టీస్పూన్ తలగొట్టి కొలిస్తే సుమారు 6 గ్రాములు వస్తుంది, కాబట్టి రెండున్నర స్పూన్లకు కాస్త ఎక్కువ. కల్లుప్పు స్పూన్‌తో కొలవద్దు. పలుకుల మధ్య ఖాళీ ఉండి ప్రతిసారీ ఒక్కో రకంగా వస్తుంది. కొట్టి మెత్తగా చేసుకోండి, లేదా తూచి వేయండి. చికెన్ 650 గ్రాములే ఉంటే పెరుగు 120 గ్రాములు చాలు, అన్నీ కలిపి 820 గ్రాములకి ఉప్పు 10, 11 గ్రాముల మధ్య పడుతుంది. బోన్‌లెస్ కిలో అయితే ఎముక బరువు ఉండదు కాబట్టి 18 గ్రాముల దాకా వెళ్ళొచ్చు. అంగట్లో కొన్న అల్లం పేస్టులోనూ, తందూరీ మసాలా పొడుల్లోనూ చాలావాటిలో ఉప్పు ముందే ఉంటుంది. ప్యాకెట్ వెనక చదివి, ఉంటే మీ ఉప్పులో 3, 4 గ్రాములు తగ్గించండి.

ఇక పైన ఉప్పగా, లోపల చప్పగా ఎందుకు వస్తోందంటే, ఉప్పంతా పెరుగులో కలిపి ఒకేసారి పూస్తున్నట్టుంది. మసాలా ముక్క లోపలికి పెద్దగా వెళ్ళదు, పైపైనే ఉంటుంది. లోతుకి వెళ్ళేది ఉప్పు, దానికీ టైమ్ కావాలి. అందుకే రెండు విడతలుగా చేస్తాను. ఒక్కో లెగ్ పీసుకి ఎముక తగిలేదాకా మూడు నాలుగు గాట్లు పెట్టి, 12 గ్రాముల ఉప్పు, నిమ్మరసం, అల్లం వెల్లుల్లి పేస్టు గాట్లలోకి వేలితో రుద్ది, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచుతాను. ఆ తర్వాత గిన్నెలో ఊరిన నీళ్ళలో సగం పారబోసి, పెరుగు, కారం, నూనె, మిగతా మసాలాలు కలిపిన రెండో పూత వేస్తాను. మిగిలిన 4 గ్రాముల ఉప్పు అందులో పడుతుంది. పచ్చి చికెన్ తగలకముందే ఈ పెరుగు మిశ్రమం నాలుక మీద వేసి చూడండి. అన్నంలో కలుపుకునే పెరుగు పచ్చడికి ఉండేంత ఉప్పే ఉండాలి. అంతకంటే గట్టిగా తగిలితే కాలాక పైపూత తినలేరు.

ట్రేలోకి కారేది పెరుగులోని నీళ్ళు. ఆ నీళ్ళల్లో ముక్క ఉడుకుతుందేగానీ కాలదు, రంగూ పట్టదు. 350 గ్రాముల మామూలు పెరుగు పలుచని గుడ్డలో మూట కట్టి, జాలీ మీద పెట్టి, రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో వదిలితే 180 గ్రాములకు అటూఇటూ గట్టి పెరుగు దిగుతుంది. బయట కొక్కేనికి వేలాడదీయకండి. మన ఎండలకి పెరుగు ఆ రెండు గంటల్లోనే పులిసిపోతుంది. స్పూన్ తిరగేసినా జారకుండా ఉంటే సరిగ్గా వడిసినట్టు. వేయించిన శనగపిండి ఒక టేబుల్ స్పూన్ కలిపితే పూత ముక్కను ఇంకా బాగా పట్టుకుంటుంది. ఇంట్లో తోడేసిన పెరుగు పుల్లగా ఉంటే నిమ్మరసం పూర్తిగా మానేయండి. రెండు పులుపులూ కలిసి రాత్రంతా ఉంటే పైకండ కరిగి పిండిపిండిగా అవుతుంది, నమిలితే తెలిసిపోతుంది. పులుపు తక్కువగా ఉంటే రాత్రి నానబెట్టి పొద్దున కాల్చుకోవచ్చు. లేదంటే నాలుగైదు గంటలు చాలు.

కారం విషయంలో మన ఇళ్ళలో జరిగే పొరపాటు, గుంటూరు మిరపకాయలు పట్టించిన కారాన్ని కాశ్మీరీ కొలతకే వేయడం. 15 గ్రాములు ఆ కారం వేస్తే పిల్లలు ముట్టరు. చిత్తూరు వైపు నాలుకకి పూర్తి కాశ్మీరీ అయితే చప్పగా అనిపిస్తుంది. కాబట్టి కాశ్మీరీ 10 గ్రాములు రంగుకి, ఇంటి కారం 5 గ్రాములు ఘాటుకి వేయండి. నూనె కాస్త వేడిచేసి, పొయ్యి ఆపేసి, అది గోరువెచ్చగా అయ్యాక కారం కలపండి. ఎర్రదనం నూనెలోకి దిగుతుంది, కలర్ పొడి అవసరం రాదు. ఉత్తరాదిన దీనికి ఆవనూనె వాడతారు. అది దొరికితే పొగ వచ్చేదాకా కాచి, చల్లార్చి వాడండి. దొరక్కపోతే మన వేరుశనగ నూనెతో చేసినా బాగుంటుంది, ఆ ఘాటు వాసన ఒక్కటే తగ్గుతుంది. గరం మసాలా ఒక టీస్పూన్, వేయించిన జీలకర్ర పొడి ఒక టీస్పూన్, నలిపిన కసూరీ మేథీ ఒక టీస్పూన్, పసుపు అర టీస్పూన్. ధనియాల పొడి నేను వేయను, దాంతో కూర వాసన వస్తుందని నా అభిప్రాయం.

నాటు కోడితో ఇది చేయకండి. ఆ కండ మెత్తబడేలోపు పూత మాడుతుంది. బాయిలర్ కోడే దీనికి సరైనది.

ఓవెన్ 220 డిగ్రీలకు ముందే వేడెక్కనిచ్చి, ముక్కల్ని ట్రేలో కాకుండా జాలీ మీద పెట్టి, కింద ట్రే ఉంచండి. ముక్క కింద గాలి ఆడకపోతే ఎంత గట్టి పెరుగు వేసినా అడుగు తడిగానే ఉంటుంది. 25 నిమిషాలకు తిప్పి, నూనె రాసి, మరో 10 నిమిషాలు ఉంచండి. ఎముక పక్కన థర్మామీటర్ గుచ్చితే 75 డిగ్రీలు చూపాలి, అంతకంటే తక్కువ ఉంటే ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి. గిన్నెలో మిగిలిన పచ్చి మసాలా మాత్రం కాలిన ముక్కల మీద పూయకండి. పారబోయండి, లేదా ఉల్లిపాయలతో బాగా మరిగించి గ్రేవీ చేసుకోండి. ఆ గ్రేవీలో మళ్ళీ ఉప్పు వేసే పని ఉండదు.