మిద్దె మీది ట్యాంకు: లోపలికి దిగకుండానే కడగొచ్చు

"1000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, బోరు నీళ్లు. అడుగున బురద పేరుకుంది. మనిషిని లోపలికి దింపాలా? ఎన్నాళ్లకోసారి కడగాలి?"

దింపొద్దండీ. ఆ సైజు ట్యాంకుకు పొడవాటి కర్ర బ్రష్ చాలు. ముందు మోటారు, గీజర్ ఆపేయండి. నీళ్లు జానెడు మిగిలేదాకా వాడేసి, ఇంట్లోకి వెళ్లే వాల్వు కట్టేయండి. ఇది మరిచిపోతే రుద్దిన బురదంతా పైపుల్లోకి దిగి కుళాయిల జాలీలకు అడ్డుపడుతుంది. గోడలు, మూత లోపలి వైపు రుద్ది, అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ తీసి వదిలేయండి. మిగిలిన మడ్డిని కర్రకు కట్టిన స్పాంజితో లాగొచ్చు. సబ్బు, సర్ఫ్ వద్దు, వాసన ఓ పట్టాన పోదు.

తర్వాత ట్యాంకు నింపి, కొత్త బ్లీచింగ్ పౌడర్ 200 గ్రాములు బకెట్ నీళ్లలో కలపండి. సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయండి. వాల్వు తెరిచి, ప్రతి కుళాయిలో క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, కట్టేసి రాత్రంతా ఉంచండి. ఆ నీళ్లు ఎవరూ వాడకూడదు, మొక్కలకూ పోయొద్దు. పొద్దున మొత్తం వదిలేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి. బ్లీచింగ్‌తో యాసిడ్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది.

మామూలుగా ఆర్నెల్లకోసారి చాలు. మీది బోరు కాబట్టి మూడు నెలలకోసారి మూత తీసి టార్చి వేసి చూడండి, అడుగు కనిపించకపోతే కడగాల్సిందే. సిమెంటు సంపు అయితే వేరే సంగతి, గాలాడని చోటికి ఒంటరిగా ఎవర్నీ దింపొద్దు.