పీచు పట్టాకు, జనపనార సంచికి పట్టిన బూజు

ప్రశ్న: మేము కాకినాడలో ఉంటున్నాం. వానలు మొదలైనప్పటి నుంచి గుమ్మం ముందున్న కొబ్బరి పీచు పట్టా ముక్కిన వాసన వస్తోంది, దాని నుంచి పీచు కూడా రాలుతోంది. కూరలకు తీసుకెళ్లే జనపనార సంచి అడుగున నల్ల చుక్కలు పడ్డాయి. ఉతికితే పోతాయా, రెండూ పారేయాల్సిందేనా?

జవాబు:

పట్టాను పారేయనక్కరలేదు. సంచి సంగతి మాత్రం దాని నారను ఒకసారి లాగి చూశాకే తేలుతుంది. నేను అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి పీచు యూనిట్‌లో ఆరేళ్లు సరుకు లెక్కలు చూశాను, ఇంట్లో జనపనార సంచులను అంతకంటే ఎక్కువ కాలంగా వాడుతున్నాను. రెండూ నారలే అయినా తడికి ఒకే తీరుగా చెడవని అక్కడా ఇక్కడా గమనించాను.

కొబ్బరి పీచులో లిగ్నిన్ అనే చేవ పదార్థం 40 శాతానికి పైగా ఉంటుంది, జనపనారలో అది 12 శాతం చుట్టుపక్కలే. కేరళలో కొబ్బరి డొక్కలను ఉప్పునీటి కయ్యల్లో నెలల తరబడి నానవేసి పీచు తీసే పద్ధతి ఉంది, అంతకాలం నానినా పీచు గట్టిగానే ఉంటుంది. జనపనార కట్టలకైతే రెండు మూడు వారాల నానుడు సరిపోతుంది, గడువు దాటితే నారే కుళ్లడం మొదలవుతుంది. అందువల్ల పీచు పట్టా మీద కనిపించే బూజు చాలావరకు పోగుల మధ్య చిక్కుకున్న కొబ్బరి పొట్టును, మన కాళ్లతో వచ్చిన మట్టిని పట్టుకుని బతుకుతుంది, వాటిని దులిపేస్తే దానికి ఆధారం పోతుంది. జనపనార మీది బూజు మాత్రం నారనే తింటుంది కనుక ఆలస్యం చేసేకొద్దీ సంచి బలం తగ్గుతుంది.

ముందు సంచి గురించి చెబుతాను. నీళ్లు తగలకపోయినా జనపనార గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడే అది తన పొడి బరువులో దాదాపు 13, 14 శాతం నీటిని పట్టి ఉంచుతుంది, సముద్రం పక్కన ముసురు రోజుల్లో ఇంకా ఎక్కువ. దీనికి తోడు ఇప్పుడు దొరికే సంచుల్లో చాలావాటికి లోపలివైపు పలుచని ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. తడి ఆ వైపు నుంచి ఆరదు, బయటి వైపు నుంచే మెల్లగా పోవాలి, అడుగు కుట్టు దగ్గర మడత మీద మడత ఉంటుంది కనుక అక్కడ ఇంకా ఆలస్యమవుతుంది. మీ చుక్కలు అడుగునే రావడానికి కారణం బహుశా ఇదే.

నాకూ ఇలాగే జరిగింది. శ్రావణంలో ఒక సంచిని ఉతికి, సాయంత్రానికి చేతికి పొడిగా తగిలిందని మడిచి అలమరలో పెట్టాను. అయిదో రోజు తీసేసరికి అడుగు కుట్టు వెంట ఆవగింజలంత నల్ల చుక్కలు వరుసగా ఉన్నాయి. మరుసటి ఏడాది అలాంటి సంచినే కొని, వంటింటి కాటా మీద తూచి చూశాను. మే నెలలో 280 గ్రాములు ఉన్నది జులైలో, ఉతకకముందే, 295 గ్రాములకు పెరిగింది. ఉతికి నీళ్లు కారడం ఆగాక 600 గ్రాములు దాటింది. ఆ సాయంత్రం చేతికి పొడిగా అనిపించిన వేళకు కాటా 355 చూపించింది, అంటే ఇంకా 60 గ్రాముల నీరు లోపలే ఉందన్నమాట. రెండో సాయంత్రానికి 310కి దిగి, మూడో రోజు మధ్యాహ్నానికి గాని 296కు రాలేదు. అప్పటి నుంచి ఉతకబోయే ముందు బరువు తూచి రాసుకుని, తిరిగి ఆ బరువుకు వచ్చాకే మడుస్తున్నాను, మళ్లీ చుక్కలు పడలేదు.

చుక్కలు పడిన సంచిని ముందుగా తడపకండి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట లోపలి వైపు బయటకు తిప్పి, రెండు మూడు గంటలు ఎండలో ఉంచి, ఆ తరువాత పొడి బ్రష్‌తో దులపండి. రోజంతా ఎండలో వదిలితే నార పసుపు రంగుకు తిరిగి పెళుసెక్కుతుంది కనుక అంతకు మించి ఉంచవద్దు. తరువాత మందుల షాపులో దొరికే 70 శాతం సర్జికల్ స్పిరిట్‌ను గుడ్డకు పట్టించి చుక్కల మీద అద్దండి, దగ్గరలో పొయ్యి వెలగకూడదు. అచ్చు వేసిన బొమ్మ ఉంటే ఒక మూల అద్ది రంగు దిగుతుందేమో చూసుకోండి. స్పిరిట్ బూజును చంపుతుంది, త్వరగా ఆరిపోతుంది, కానీ నల్ల మచ్చ పూర్తిగా పోదు. మచ్చ పోగొట్టాలని బ్లీచింగ్ వాడితే నార రంగు మారి బలహీనపడుతుంది. ప్లాస్టిక్ పొర ఉన్న సంచిని వేడి నీటిలో నానబెడితే పొర ఊడుతుంది, కాబట్టి అవసరమైనప్పుడు చల్లని నీటితో, కొద్ది సబ్బుతో పైపైన తుడవడమే మేలు.

ఇక లాగి చూడడం. చుక్కలున్న చోట ఒక పోగును గోళ్లతో పట్టి గట్టిగా లాగండి. తెగకుండా నిలిస్తే సంచి పనికొస్తుంది. ఎండుగడ్డిలా టప్పున తెగి, వేళ్లకు పొడి అంటితే నార కుళ్లింది, ఇక దానిలో బరువులు మోయకూడదు. లోపలి ప్లాస్టిక్ పొర కూడా లేచి దాని కింద బూజు కనిపిస్తే కూరగాయలకు అసలే వాడవద్దు.

పట్టా విషయంలో ముందు దాన్ని తిప్పి వెనుక భాగం చూడండి. రబ్బరు లేదా పీవీసీ పొర ఉంటే దానికీ నేలకూ మధ్య నీరు నిలిచి ఆరదు, వాసన అక్కడి నుంచే వస్తుంది. పొర లేని నేత పట్టా రెండు వైపులా ఆరుతుంది కనుక వానాకాలానికి అదే నయం. ఎండ ఉన్నప్పుడు పట్టాను పిట్టగోడ మీద వేలాడదీసి వెనుక వైపు నుంచి కర్రతో కొట్టండి, మొదటి దెబ్బలకే గోధుమ రంగు పొట్టు ధారగా రాలడం కనిపిస్తుంది. అది తగ్గేదాకా కొట్టాక గొట్టంతో ఒకసారి నీళ్లు పట్టి, నిలువుగా ఆనించి, రెండు వైపులా గాలి తగిలేలా ఆరబెట్టండి. పొర ఉన్న పట్టాను బకెట్టులో నానబెట్టవద్దు. వానాకాలమంతా రాత్రిపూట దాన్ని నేల మీద నుంచి లేపి గోడకు ఆనించడం అలవాటు చేసుకోండి. తడి పట్టా కింద లేత రంగు బండ ఉంటే పీచు నుంచి దిగిన గోధుమ మరక కూడా పడుతుంది.

రాలుతున్నది ఏమిటో అరచేతిలో వేసుకుని చూస్తే కారణం తెలుస్తుంది. గోధుమ రంగు పొడి అయితే పొట్టు. పొట్టి ముక్కలైతే యూనిట్‌లో పైభాగాన్ని సమంగా కత్తిరించినప్పుడు మిగిలినవి, కొత్త పట్టాకు కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. పొడుగ్గా, వంచితే మళ్లీ నిటారుగా లేచే పీచు రాలుతుంటే మాత్రం వెనుక పొర పట్టు వదులుతోందని అర్థం. అలా పైకి లేచిన పోగులను లాగితే పక్కవి కూడా వస్తాయి, కత్తెరతో మట్టానికి కత్తిరించండి. జనపనార సంచి నూగు రాల్చడం సహజమే, కానీ ఒకే చోట నుంచి ఎక్కువగా రాలుతుంటే అక్కడ పైన చెప్పిన లాగుడు పరీక్ష చేయండి.

రెండు పనులకూ వరసగా రెండు మూడు రోజులు ఎండ ఉండే అదను చూసుకోండి. ముసురులో ఈ రెండింటినీ నీళ్లతో తడపకుండా దులిపి, గాలి ఆడే చోట వేలాడదీస్తే చాలు.