పగలు పలకని మనిషి

*నా వయసు 31. ఉద్యోగం చేస్తూ ఒంటరిగా ఉంటున్నాను. ఎనిమిది నెలల కిందట పరిచయమైన ఒకతను వారంలో నాలుగైదు రోజులు రాత్రి పదకొండున్నర దాటాక మెసేజ్ పెడతాడు. ఒంటిగంటన్నర దాకా మాట్లాడుకుంటాం. తన చిన్నతనం, భయాలు అన్నీ నాతోనే చెప్పుకుంటాడు. పగలు నేను పలకరిస్తే జవాబు ఆ రాత్రికే. ఫోన్ చేస్తే కట్ చేసి, పనిలో ఉన్నానంటాడు. ఆదివారం రాత్రి మాత్రం అసలు కనిపించడు. మెసేజ్‌లు 24 గంటల్లో చెరిగిపోయేలా పెట్టాడు. అతని కోసమే అమ్మానాన్న తెచ్చిన రెండు సంబంధాలు చూడకుండా వద్దన్నాను. "ఒక్కసారైనా పగలు ఫోన్ చేశాడా?" అని అక్క అడిగింది. గొడవపడ్డాను, రెండు నెలలుగా మా మధ్య మాటల్లేవు. అతను నన్ను ప్రేమిస్తున్నాడా? నొచ్చుకోకుండా ఎలా అడగాలి?*

ప్రేమిస్తున్నాడా అన్న ప్రశ్న ఇప్పుడు వద్దమ్మా. రాత్రి పన్నెండింటికి అడిగితే అవుననే అంటాడు, తెల్లారాక మీ పరిస్థితిలో ఏ మార్పూ ఉండదు. అతను నొచ్చుకుంటాడేమోనని అంత ఆలోచిస్తున్నారు. మీ వల్ల నిజంగా నొచ్చుకున్న మనిషి మీ అక్క. ఆమె అతన్ని ఒక్క మాటా అనలేదు, మిమ్మల్నీ అనలేదు. అడగాల్సిన ఒకే ఒక ప్రశ్న అడిగింది. "లేదు" అని చెప్పాల్సి రావడం వల్లే మీకు అంత కోపం వచ్చింది. మీ ఉత్తరంలో ముందుగా చక్కదిద్దుకోవాల్సింది మీ అక్కతో బంధమే. అతని సంగతి ఆ తర్వాత.

అయినా వేళల గురించి న్యాయంగానే మాట్లాడుకుందాం. రాత్రిపూట మాత్రమే మాట్లాడటం దానంతట అదే తప్పు కాదు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు ఉంటారు. వాళ్ల షిఫ్టు మారితే మెసేజ్ వేళ కూడా మారుతుంది, సెలవు రోజున పగలు దొరుకుతారు. దూరదేశంలో ఉన్నవాళ్లకి మన అర్ధరాత్రి సాయంత్రమో మధ్యాహ్నమో అవుతుంది. కొందరి శరీర స్వభావమే ఆలస్యంగా పడుకుని ఆలస్యంగా లేవడం. అలాంటివాళ్లు పొద్దున్న ఏడింటికి పలకకపోయినా సాయంత్రం అయిదింటికి హాయిగా మాట్లాడతారు. ఇంట్లో నలుగురి మధ్య మాట్లాడలేనివాళ్లు దారిలో నడుస్తూనో, భోజన విరామంలోనో ఫోన్ చేస్తారు. వీళ్లందరిలో ఉమ్మడిగా కనిపించేది ఒకటుంది. తమ ఇబ్బందేమిటో మీరు అడక్కముందే చెబుతారు, ఇంకో వేళ వాళ్లే సూచిస్తారు.

వేరే కారణాలకు వేరే తీరు ఉంటుంది. ఒంటరితనంతో వచ్చేవాడు రోజులో పనులన్నీ అయ్యాక, నిద్ర పట్టనప్పుడు వస్తాడు. తన గురించే చెబుతాడు, మనసు తేలికపడ్డాక మాయమవుతాడు. తాగి వచ్చేవాడికి రాత్రి అన్న మాటలు మర్నాడు గుర్తుండవు. శరీరం కోసం వచ్చేవాడి మాట ఎక్కడ మొదలైనా కాసేపట్లో అటే మళ్లుతుంది. ఇంట్లో ఎవరో ఉండి దాచుకునేవాడికి కచ్చితమైన వేళలుంటాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ వాక్యం మధ్యలో ఆగిపోతాడు, రాస్తాడు గానీ గొంతు వినిపించడు, సెలవు రోజున దొరకడు.

మీ విషయంలో చూడాల్సింది ఆదివారం. పని వల్లే పగలు కుదరడం లేదంటే, పని లేని రోజున పగలు ఖాళీ దొరకాలి. అతని విషయంలో పగలు దొరకకపోగా, ఆ రోజు రాత్రి కూడా మూసుకుపోతోంది. అంటే అడ్డు వస్తున్నది ఉద్యోగం కాదు, సెలవు రోజున అతని చుట్టూ ఉండే మనుషులు. భార్య కావచ్చు, వేరే స్నేహం కావచ్చు, మీ సంగతి చెప్పడం ఇష్టం లేని తల్లిదండ్రులు కావచ్చు. ఎవరన్నది వేళల్ని బట్టి తేల్చలేం, తేల్చానని నేను చెప్పను. ఆదివారం పనిచేసే ఉద్యోగమైతే వారంలో ఇంకో రోజు సెలవుండాలి, ఆ రోజు ఏమవుతోందో చూడండి. ఒక్కటి మాత్రం కచ్చితంగా చెప్పొచ్చు, అతను చెప్పిన కారణం అతని వేళలకు అతకడం లేదు.

చెరిగిపోయే మెసేజ్‌ల సంగతీ అంతే. అలవాటుగా అందరితోనూ ఆ సెట్టింగ్ పెట్టుకునేవాళ్లున్నారు, దానొక్కదానితో ఎవరినీ అనుమానించలేం. కానీ దానివల్ల మీకో నష్టం ఉంది. పోయిన వారం ఏం మాటిచ్చాడో వెనక్కి వెళ్లి చూసుకోలేరు. మిగిలేది ఆ రాత్రి కలిగిన ఆప్యాయత ఒక్కటే.

అందుకే ఒక నోటుబుక్కు తీసుకోండి. 14 రోజులు, రోజుకి నాలుగు విషయాలు రాయండి: మాట ఎవరు మొదలుపెట్టారు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, మీ గురించి అతను ఏం అడిగాడు, రాత్రి అన్నది పగలు ఏదైనా జరిగిందా. రాయడం పొద్దున్నే, రాత్రి మాత్రం వద్దు. ఆ రెండు వారాలూ మీరు ఇప్పుడున్నట్టే ఉండండి, లేకపోతే అసలు తీరు తెలియదు. చాలామంది పొరపడేది గంటలు లెక్కపెట్టడంలో. వారానికి తొమ్మిది గంటలు మాట్లాడాడంటే ఎంతో అనిపిస్తుంది. ఆ తొమ్మిది గంటలూ మీ నిద్రలోంచి వచ్చినవే. చూడాల్సింది మూడో విషయం. మీకు జ్వరమని చెబితే మర్నాడు తగ్గిందా అని అడిగాడా? ఆఫీసులో ఇబ్బంది చెప్పుకుంటే రెండు రోజుల తర్వాత ఆ మాట ఎత్తాడా? పద్నాలుగు రోజుల్లో అక్కడ రెండు మూడు మాటలకి మించి లేకపోతే మీరు అతని బాధలు వినే మనిషి మాత్రమే. అదీ ఒక సంబంధమే కావచ్చు, కానీ దానికోసం పెళ్లిసంబంధాలు వద్దనుకోనక్కర్లేదు.

ఇంత దగ్గరితనం ఎందుకు అనిపిస్తోందంటారా, దానికి కారణాలున్నాయి. అలసిన మనసు గుట్టు దాచుకోలేదు. ఎదుట ముఖం లేనప్పుడు, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఎవరికైనా లోపలి మాటలు బయటికొస్తాయి. పైగా అతను వచ్చేది ఏడు రాత్రుల్లో నాలుగైదు, అవి ఏవో ముందు తెలియదు. ఎప్పుడు దక్కుతుందో తెలియని ఫలితం కోసం ఎదురుచూడటం, రోజూ దక్కేదానికంటే గట్టి అలవాటుగా మారుతుందని మనస్తత్వ శాస్త్రంలో స్కిన్నర్ ప్రయోగాల కాలం నుంచీ తెలిసిన విషయం. మీరు ప్రేమ అంటున్నదాంట్లో ఆ ఎదురుచూపు వాటా ఎంతో తేల్చుకోవాలి.

నిద్ర సంగతి చిన్నది కాదు. పెద్దవాళ్లకి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. ఒంటిగంటన్నరకి పడుకుని ఆరున్నరకి లేస్తే అయిదే. అలాంటి రాత్రులు వారంలో నాలుగైదంటే ఎనిమిది నుంచి పది గంటల లోటు. ఆ లోటుతో చిన్న మాటకే చిరాకొస్తుంది, నిర్ణయాలు చెడతాయి. అక్క మీద వచ్చిన కోపంలో కొంత ఇదే కావచ్చు. సంబంధాలు వద్దనడం మీ హక్కు, అందులో ఎవరూ బలవంతపెట్టకూడదు. అయితే నచ్చక వద్దనండి. రమ్మని అడగని మనిషి కోసం చోటు ఖాళీగా ఉంచడానికి వద్దనకండి. అది మీకు మర్యాద కాదు.

ఇక అక్క. నోటుబుక్కు మొదలుపెట్టే రోజే ఆమెకి ఫోన్ చేయండి, పట్టపగలు చేయండి. అతన్ని సమర్థించొద్దు, నిందించొద్దు. "అక్కా, నువ్వడిగినదానికి జవాబు లేదనే. అది ఒప్పుకోలేక నీ మీద అరిచాను" అనండి, చాలు. ఆమె రెండు మాటలంటే పడండి. చెల్లెలి కోసం అడిగే హక్కు అక్కకు ఉందని నేను గట్టిగా నమ్ముతాను. అతని గురించి వాకబు చేయమని మాత్రం ఆమెని అడగొద్దు, అది మీరే చేయాల్సిన పని. నెల రోజులు అమ్మానాన్నకి చెప్పొద్దని అడగండి. మీకు ఆమె ఎందుకు కావాలంటే, అర్ధరాత్రి స్నేహాలు నిలబడేది మూడో మనిషికి తెలియకపోవడం మీద. తెలిసిన ఒక్కరినీ మీరే దూరం పెట్టుకున్నారు.

రెండు వారాలయ్యాక అతనికి ఒక మెసేజ్ పెట్టండి. సాయంత్రం ఆరింటికి పెట్టండి. "శనివారం ఉదయం 11 గంటలకు ఓ పది నిమిషాలు ఫోన్లో మాట్లాడదాం. కుదరకపోతే పగలు నీకు వీలైన వేళ చెప్పు. ఇకమీదట రాత్రి పదిన్నర తర్వాత నేను ఫోన్ చూడను." ఇంతే. పది నిమిషాలే అడుగుతున్నారు కాబట్టి పని ఎక్కువన్న సాకు నిలవదు. ఇంకో వేళ చెప్పమన్నారు కాబట్టి నిజంగా ఇబ్బంది ఉన్నవాడికి దారి ఉంది. ప్రేమ, నమ్మకం అన్న మాటలు ఇందులో కలపొద్దు, కలిపితే చర్చ అటు పోతుంది.

వేళ చెప్పి ఆ వేళకి ఫోన్ చేస్తే మంచిదే. ఒకసారి తప్పి, తనే ఇంకో వేళ చెప్పినా క్షమించండి. వరుసగా రెండుసార్లు తప్పితే మూడోది అడగొద్దు. "నా మీద నమ్మకం లేదా" అంటూ రాత్రి పన్నెండింటికి పేజీలు పేజీలు వచ్చాయంటే అదే జవాబు. పది నిమిషాల పగలు ఇవ్వలేక అంత పొడుగు రాత్రి ఇస్తున్నాడన్నమాట.

పదిన్నర నియమం మీ సంకల్పం మీద వదిలేస్తే నిలవదు. ఫోన్ దానంతట అదే మౌనంలోకి వెళ్లేలా వేళ పెట్టండి. అమ్మానాన్న, అక్క నంబర్లకి మాత్రమే మోగేలా మినహాయింపు ఇవ్వండి. చార్జర్ పడకగదిలో ఉండకూడదు, అలారానికి విడిగా గడియారం కొనుక్కోండి. మొదటి వారం అతని మెసేజ్‌లు తగ్గకపోగా పెరగొచ్చు, ఎన్నడూ అననంత ప్రేమగా కూడా ఉండొచ్చు. అలవాటైన జవాబు ఆగినప్పుడు ఎవరైనా ఇంకా గట్టిగా ప్రయత్నిస్తారు. మూడో రాత్రో నాలుగో రాత్రో మీరు కరిగి పలికితే, ఎక్కువసార్లు పిలిస్తే పలుకుతుందని మీరే నేర్పినట్టవుతుంది.

పగలు మాట్లాడితే అప్పుడు సూటిగా అడగండి: ఆదివారాలు నీతో ఎవరుంటారు, పెళ్లయిందా, ఇంట్లో నా సంగతి తెలుసా. తర్వాత పట్టపగలు, నలుగురు మసిలే చోట కలవండి, ఎక్కడికి వెళ్తున్నారో అక్కకి చెప్పి వెళ్లండి. అలా ఓ నెల గడిచాక మీ అసలు ప్రశ్న అడగొచ్చు.

మాట్లాడకపోతే పొడుగు ఉత్తరాలు వద్దు. మాట్లాడటం ఆపేస్తున్నానని పగటిపూట ఒక్క వాక్యం పంపి నంబర్ బ్లాక్ చేయండి. ఈ ఎనిమిది నెలల్లో ఫొటోలేమైనా పంపి ఉంటే, వాటిని అడ్డం పెట్టుకుని బెదిరిస్తే, బతిమాలొద్దు, డబ్బు ఇవ్వొద్దు. అతని మెసేజ్‌లు 24 గంటల్లో పోతాయి కాబట్టి బెదిరింపు వచ్చిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసి, అతని నంబర్, తేదీ, వేళ కనిపించేలా ఇంకో చోట దాచి, అక్కని వెంటబెట్టుకుని సైబర్ పోలీసుల దగ్గరికి వెళ్లండి.