కోర్టుకిచ్చే బ్యాంకు స్టేట్‌మెంటుకు సీలొక్కటే చాలదు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

బాకీ దావాలో బ్యాంకు స్టేట్‌మెంటు దాఖలు చేయాలని లాయరు చెప్పాడని రాశావు. యాప్‌లోంచి ప్రింటు తీసి, కడప బ్రాంచిలో ఓ సీలు కొట్టిస్తే సరిపోదా అని అడిగావు. వీసాకో స్కాలర్‌షిప్‌కో అయితే చాలాచోట్ల సరిపోతుంది. కోర్టులో మాత్రం అవతలి లాయరు లేచి, ఇది కంప్యూటర్ కాగితం, దీనికి సర్టిఫికెట్ ఏదీ అని అడుగుతాడు.

దీనికి 1891 నాటి చట్టం ఒకటుంది, బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ యాక్ట్. బ్యాంకు పుస్తకంలోని పద్దుకు సరైన ధృవీకరణతో నకలు ఇస్తే, కాదని రుజువయ్యేదాకా ఆ పద్దుకు అదే సాక్ష్యం అంటుంది. ఇప్పుడు పుస్తకాలన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి కాబట్టి ప్రింటవుట్‌కు ఏం జతచేయాలో 2ఎ సెక్షన్ చెబుతుంది. ఇది మా పద్దుల ప్రింటవుటే అని మేనేజరో ప్రిన్సిపల్ అకౌంటెంటో సంతకం చేయాలి. ఆ కంప్యూటర్ వ్యవస్థ చూసుకునే అధికారి, దాని భద్రత ఎలా ఉందో, అది సక్రమంగా పనిచేసిందో లేదో విడిగా రాసివ్వాలి. బ్రాంచిలో చాలామంది మొదటిది ఇచ్చి రెండోది మరచిపోతారు. అందుకే అర్జీలోనే ‘2ఎ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్లతో సహా’ అని రాయి. నోటిమాటగా అడిగితే కౌంటర్లో అమ్మాయి మామూలు స్టేట్‌మెంటే చేతిలో పెడుతుంది, తప్పు ఆమెది కాదు.

ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది బాగా ఆలోచించు. నువ్వు 2023 జూన్‌లో రెండు లక్షలు బాకీదారు ఖాతాకు పంపావు. అంతకుముందు పసుపు అమ్మిన డబ్బు ఏప్రిల్‌లో జమ అయింది. ఆ తర్వాత డిసెంబరు దాకా అతను వడ్డీ వేశాడు. జూన్ నెల ఒక్కటే అడిగావనుకో, అంత డబ్బు నీ దగ్గరెక్కడిదని అవతలివాళ్లు అడుగుతారు, వడ్డీ కట్టిన సంగతీ కనబడదు. కాబట్టి 2023 ఏప్రిల్ 1 నుంచి 2024 మార్చి 31 వరకు తీసుకో. నచ్చిన పేజీలు ఏరుకొని ఇచ్చినట్టు అనిపించకూడదు, మధ్యలో ఒక్క పేజీ కూడా తగ్గకూడదు.

ఇంకో చిక్కుంది. స్టేట్‌మెంటులో వివరాల గడి చిన్నది, అందులో అవతలి మనిషి పేరు సగంలో తెగిపోతుంది, ఒక్కోసారి అసలే ఉండదు. ఆ రెండు లక్షల పద్దుకు యూటీఆర్ అనే లావాదేవీ గుర్తింపు నంబరు, డబ్బు చేరిన ఖాతా నంబరు, పేరు రాసి ఒక లెటర్ ఇవ్వమని అదే అర్జీలో అడుగు. నన్నడిగితే ఈ దావాలో స్టేట్‌మెంటు కన్నా ఈ లెటరే ఎక్కువ పనికొస్తుంది.

నీ ఖాతా ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకుది కదా. 2025 మే 1 నుంచి అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. సీలు కొత్త పేరుతో ఉంటుంది, నీ పాస్‌బుక్కు మీద పాత పేరు ఉంటుంది. ఇది మా పూర్వపు బ్యాంకు ఖాతాయే అని సర్టిఫికెట్లో ఒక వాక్యం వేయించుకో, లేకపోతే ఆ తేడా పట్టుకొని సాగదీస్తారు.

అర్జీ మీద నీ సంతకం బ్యాంకులో ఉన్న సంతకంలాగే ఉండాలి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముట్టినట్టు సీలు వేయించుకో. చార్జీ ఒక్కో బ్యాంకుది ఒక్కోలా ఉంటుంది, దాని మీద జీఎస్టీ కూడా పడుతుంది. అదంతా ఖాతాలోంచే పట్టుకుంటారు కాబట్టి బ్యాలెన్సు ఉంచు. నెల మొదటి రోజుల్లో పింఛన్ల రద్దీ ఉంటుంది, ఆ తర్వాత వెళ్లు. వేరే ఊరి బ్రాంచిలో ప్రింటు ఇచ్చినా సర్టిఫికెట్‌కు సాధారణంగా నీ ఖాతా ఉన్న బ్రాంచికే పంపుతారు, కాబట్టి నేరుగా అక్కడికే పో.

కాగితం చేతికి రాగానే బయటికి రావద్దు, అక్కడే కూర్చొని చూడు. ప్రతి పేజీ మీద సీలు, సంతకం ఉన్నాయా? సీలు అంకెల మీద పడి కనబడకుండా పోయిందా? సంతకం కింద పేరు, హోదా, తేదీ ఉన్నాయా? వట్టి గీతలాంటి సంతకం ఉంటే, అది ఎవరిదో రేపు చెప్పేవాడుండడు, ఆ అధికారికి బదిలీ అయిపోయి ఉంటుంది. ఒక పేజీ చివరి బ్యాలెన్సు తర్వాతి పేజీ మొదట్లో సరిపోతుందో లేదో కూడా చూడు.

బ్యాంకు ఈ దావాలో పార్టీ కాదు కాబట్టి, ఆ చట్టం ప్రకారం కోర్టు ప్రత్యేకంగా ఉత్తర్వు ఇస్తే తప్ప మేనేజరును సాక్ష్యానికి రప్పించలేరు. ఈ సర్టిఫికెట్ కోసం ఇంత పట్టుబట్టడం అందుకే. లిఖితంగా అడిగి ముప్పై రోజులైనా ఇవ్వకపోతే cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు, ముట్టినట్టు సీలున్న అర్జీ కాపీ అప్పుడు పనికొస్తుంది. అయితే అంతదాకా వెళ్లకముందే మేనేజరును ఒకసారి కలువు, మామూలుగా మాట్లాడితే ఇచ్చేస్తారు.

అర్జీ చిత్తు రాసి నాకు వాట్సాప్‌లో పంపు, దిద్ది ఇస్తాను. అక్కను అడిగానని చెప్పు.

మీ మామ